33/11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ చదవడం ఎలా: ట్రైనీలు పదే పదే అడిగే ప్రశ్నలు

హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, జనగామ వైపు 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. లెక్కలకు 5 ఎంవీఏ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నమూనా ప్లేటు ఒకటి తీసుకున్నాను. దాని పక్కన 8 ఎంవీఏది మరొకటి దింపితే ఏమవుతుందన్నది కూడా చూద్దాం. మన దగ్గర లోడు పెరిగినప్పుడు ఎక్కువగా జరిగేది అదే. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

```
5 MVA   33/11 kV   50 Hz   3 PH   Dyn11   ONAN
AMPS   HV 87.5   LV 262.4
% IMPEDANCE 7.15 (NORMAL TAP, 75°C)
INSULATION LEVEL   HV: LI 170 AC 70   LV: LI 75 AC 28
TEMP RISE   OIL 50°C   WINDING 55°C
CORE & WINDING 5400 kg   TANK & FITTINGS 3600 kg
OIL 2600 L, 2260 kg   TOTAL 11260 kg
```

## ప్లేటు ముందు మొదటిసారి నిలబడినప్పుడు

ఇన్ని అంకెలున్నాయి, ముందు ఏది చూడాలి సార్?

ఎంవీఏ, వోల్టేజీ, ఆంపియర్లు. ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చేత్తోనే లెక్క వేసి చూడండి. 5000 కేవీఏని 1.732తో, 33తో భాగిస్తే 87.5 ఆంపియర్లు. 33 బదులు 11 పెడితే 262.4. ప్లేటు మీద ఇవే ఉంటే చదువుతున్నది సరైన ప్లేటే. మసి, ఆయిల్ పట్టి 3కి 8కి తేడా తెలియని పాత ప్లేట్ల దగ్గర ఈ చిన్న లెక్క చాలా పనికొస్తుంది. మీటింగ్‌లో ఏఈ సార్ లోడు అడిగితే పోల్చాల్సింది కూడా ఈ ఆంపియర్లతోనే.

ట్యాప్ టేబుల్‌లో హెచ్‌వీ ఆంపియర్లు మారుతూ ఉన్నాయి. ఏది నిజం?

అన్నీ నిజమే. ఏ ట్యాప్ మీద నడుస్తుంటే ఆ వరస చదవాలి. హెచ్‌వీ వైపు ప్లస్ 5 నుంచి మైనస్ 10 శాతం దాకా, 2.5 శాతం మెట్లతో ఏడు ట్యాప్‌లున్న ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి. మూడో ట్యాప్ 33,000 వోల్టులది, అదే నార్మల్. ఏడో ట్యాప్ 29,700 వోల్టులది, అక్కడ ఫుల్ లోడు కరెంటు 97 ఆంపియర్లు. దూరపు ఫీడర్ చివర 33 కేవీ పడిపోయే చోట కింది ట్యాప్‌లలో పెట్టి నడుపుతారు. అక్కడ 87.5 దాటిందని టెన్షన్ పడక్కర్లేదు.

## ఇంపిడెన్స్ వోల్టేజీ

7.15 శాతం అంటే దేనిలో 7.15 శాతం?

రేటెడ్ వోల్టేజీలో. ఎల్‌వీ మూడు టెర్మినళ్లను గట్టిగా షార్ట్ చేసి, హెచ్‌వీకి వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోయామనుకోండి. ఎక్కడ 87.5 ఆంపియర్ల ఫుల్ లోడు కరెంటు వస్తుందో అక్కడ ఆగుతాం. ఆ వోల్టేజీ ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి సుమారు 2,360 వోల్టులు. 33,000లో అది 7.15 శాతం. అందుకే దీన్ని ఇంపిడెన్స్ వోల్టేజీ అంటారు. శాతంగా రాసినా, అసలు కొలిచేది వోల్టులనే.

ఈ శాతం ఎప్పుడూ ఒక ఎంవీఏకి కట్టుబడి ఉంటుంది. ఫ్యాన్లు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్లేటు మీద రెండు ఎంవీఏలు ఉంటే, శాతం దేని మీద రాశారో చూడకుండా లెక్క మొదలుపెట్టకండి.

ఈ అంకె ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?

రెండు వైపులా లాభం నష్టం ఉన్నాయి. ఎల్‌వీ బుషింగ్‌ల దగ్గరే మూడు ఫేజులు షార్ట్ అయితే ఎంత కరెంటు వస్తుందో ఈ అంకె చెబుతుంది. 262.4ని 0.0715తో భాగిస్తే దాదాపు 3,670 ఆంపియర్లు. వెనక 33 కేవీ వైపు ఎంత బలంగా ఉన్నా దీన్ని దాటదు. నిజానికి ఆ లైను ఇంపిడెన్స్ కూడా తోడై ఇంకొంచెం తగ్గుతుంది. శాతం ఎక్కువైతే ఈ ఫాల్ట్ కరెంటు తగ్గుతుంది, బ్రేకర్‌కీ వైండింగ్‌కీ ఊపిరి ఆడుతుంది.

కానీ అదే ఇంపిడెన్స్ మామూలు రోజుల్లో వోల్టేజీని తింటుంది. వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి తిరిగి పవర్ ఫ్యాక్టర్ 0.8కి పడితే, ఫుల్ లోడు మీద దీని వల్లే నాలుగు శాతం పైన డ్రాప్ వస్తుంది. యాసంగిలో 11 కేవీ బస్ వోల్టేజీ దిగడానికి ఫీడర్ ఒక్కటే కారణం కాదు.

టెండర్‌లో 7.15 అన్నారు, ప్లేటు మీద 7.21 ఉంది. తప్పు రాశారా?

తప్పు కాదు. ముందుగా ఒప్పుకున్న అంకె వేరు, తయారయ్యాక ఫ్యాక్టరీలో కొలిచిన అంకె వేరు. పది శాతం లోపు ఇంపిడెన్స్ ఉన్న రెండు వైండింగ్‌ల ట్రాన్స్‌ఫార్మర్‌కి, ఒప్పుకున్న అంకె మీద పది శాతం అటూ ఇటూ తేడాను స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. ప్లేటు మీదకు వచ్చేది కొలిచిన అంకె. మీ రికార్డులో రాయాల్సింది అదే, టెండర్ కాగితంలోది కాదు.

ఈ అంకెను సైట్‌లో మనం సరిచూడగలమా?

చూడగలం, 415 వోల్టుల సప్లయ్‌తోనే. రెండు వైపులా ఐసొలేట్ చేసి, ఎల్‌సీ తీసుకుని, ఎర్త్ చేసి డిస్‌ఛార్జ్ చేశాక, ఎల్‌వీని మందపాటి కాపర్ లింకులతో షార్ట్ చేయండి. ట్యాప్ నార్మల్‌లో పెట్టి, టెస్ట్ లీడ్లకు అడ్డొచ్చే ఎర్త్‌లు తీసి, హెచ్‌వీకి 415 వోల్టుల మూడు ఫేజులు ఇవ్వండి. 2,360 వోల్టులకు 87.5 ఆంపియర్లు వచ్చే యంత్రంలో 415కి సుమారు 15.4 ఆంపియర్లు రావాలి. ఎల్‌వీ లింకుల్లో 46 దాకా ఉంటుంది.

కొలిస్తే 15.3 వచ్చిందనుకోండి. లెక్క ఇలా:

```
Z% = (415 / 33000) × (87.5 / 15.3) × 100 = 7.19
```

ప్లేటు మీది 7.15తో ఇది సరిపోయినట్టే. మూడు శాతం దాటి తేడా వస్తే, అంటే 7.37 పైన గానీ 6.94 కింద గానీ కనిపిస్తే, ముందు మీ షార్టింగ్ లింకులనే అనుమానించండి. వదులు క్లాంపు ఒక్కటి చాలు, రీడింగ్ పెరిగిపోతుంది. లింకులు బిగించి, ట్యాప్ మరోసారి చూసి, మూడు ఫేజుల కరెంట్లు విడివిడిగా కొలిచాక కూడా ఒక ఫేజు దారి తప్పితే వైండింగ్ కదిలి ఉండొచ్చు. దగ్గరి ఫాల్ట్ ఒకటి తిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇది చూడకుండా ఛార్జ్ చేయకూడదన్నది నా అభిప్రాయం.

5 ఎంవీఏ పక్కన 8 ఎంవీఏ పెడితే 13 ఎంవీఏ వచ్చినట్టేనా?

రాదు. లోడు పంచేది ఎంవీఏ ఒక్కటే కాదు, ఎంవీఏని ఇంపిడెన్స్ శాతంతో భాగిస్తే వచ్చే అంకె. 5 ఎంవీఏది 7.15 శాతం, 8 ఎంవీఏది 8.35 శాతం అనుకుందాం.

```
5 / 7.15 = 0.699
8 / 8.35 = 0.958
మొత్తం    = 1.657
```

అంటే మొత్తం లోడులో 42.2 శాతం చిన్నది మోస్తుంది, మిగతా 57.8 శాతం పెద్దది. లోడు 12 ఎంవీఏకి చేరేసరికి చిన్నదాని మీద 5.06 పడుతుంది, అంటే అప్పటికే నిండిపోయింది. పెద్దది మాత్రం 6.94 దగ్గర తాపీగా ఉంటుంది. ఈ జంటకు అసలు హద్దు 11.85 ఎంవీఏ. 13 దాకా లాగితే చిన్నది 5.48 మోస్తూ పది శాతం ఓవర్‌లోడ్‌లో ఉడుకుతుంది. పెద్దది అప్పుడు కూడా ఫుల్ కాదు.

తక్కువ శాతం ఉన్నదే తన వంతు కన్నా ఎక్కువ లాగుతుందని గుర్తుంచుకోండి. బస్ కప్లర్ మూసి రెండింటినీ కలిపి నడపాలనుకుంటే, ఇన్‌కమర్ మీటర్లు రెండూ విడివిడిగా చూడాలి. మొత్తం లోడు చూసి ఇంకా చోటుందనుకుంటే చిన్నదాని సంగతి తెలియదు.

ఫాల్ట్ లెవెల్ కూడా మారుతుంది. 5 ఎంవీఏది 3,670, 8 ఎంవీఏది దాదాపు 5,030, కలిపితే 8,700 ఆంపియర్లు. కొత్తది దింపే ముందు 11 కేవీ బ్రేకర్లు, సీటీలు, రిలే సెట్టింగ్‌లు ఈ అంకెతో చూడాలి.

రెండు ట్రాన్స్‌ఫార్మర్ల మీద ట్యాప్ ఒక్క మెట్టు తేడా ఉంటే ఏమవుతుంది?

లోడు లేకపోయినా రెండింటి మధ్య కరెంటు తిరుగుతూనే ఉంటుంది. 5 ఎంవీఏ (7.15 శాతం), 8 ఎంవీఏ (8.35 శాతం) జంటలో 2.5 శాతం మెట్టు ఒక్కటి తేడా ఉందనుకోండి. 8 ఎంవీఏది 5 ఎంవీఏ లెక్కలోకి మారిస్తే 5.22 శాతం. రెండూ కలిపి 12.37. 2.5ని దానితో భాగిస్తే 0.2, అంటే 5 ఎంవీఏ రేటింగ్‌లో ఐదో వంతు. 11 కేవీ వైపు 53 ఆంపియర్లు ఎవరికీ ఉపయోగం లేకుండా తిరుగుతాయి. ట్యాప్ నంబర్ ఒకటే అయితే చాలదు. రెండు ప్లేట్ల టేబుల్‌లో ఆ నంబర్ ఎదురుగా ఉన్న వోల్టేజీ కూడా ఒకటే కావాలి. కంపెనీని బట్టి మూడో నంబర్ నార్మల్ కావొచ్చు, ఐదో నంబర్ కావొచ్చు.

## వెక్టర్ గ్రూప్

డీవైఎన్ 11లో ఒక్కో అక్షరానికి అర్థం ఏంటి?

పెద్ద డీ అంటే హెచ్‌వీ డెల్టా. చిన్న వై అంటే ఎల్‌వీ స్టార్. ఎన్ అంటే ఆ స్టార్ న్యూట్రల్ బయటికి తెచ్చారని, అందుకే ట్యాంకు మీద నాలుగో ఎల్‌వీ బుషింగ్ కనిపిస్తుంది. 11 అంటే గడియారంలో గంట. హెచ్‌వీ ఫేజర్‌ని 12 మీద పెడితే ఎల్‌వీది 11 మీద ఉంటుంది, అంటే 30 డిగ్రీలు ముందుంటుంది. 33/11 పీటీఆర్‌లోనూ, ఊళ్లో గద్దె మీదుండే 11 కేవీ/433 వోల్టుల డీటీఆర్‌లోనూ మీరు ఎక్కువగా చూసేది ఇదే గ్రూప్.

గ్రూప్ వేరైనా ఇంపిడెన్స్, వోల్టేజీ ఒకటే అయితే పారలల్ చేయొచ్చు కదా?

వద్దు. ఇంపిడెన్స్ తేడా ఉంటే లోడు పంచుకోవడం చెడుతుంది, గ్రూప్ తేడా ఉంటే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. డీవైఎన్ 11, డీవైఎన్ 1 రెండింటినీ ఒకే 11 కేవీ బస్‌కి కలిపితే ఫేజర్ల మధ్య 60 డిగ్రీల తేడా ఉంటుంది. ఒకే పేరున్న రెండు ఫేజుల మధ్య నిండా ఒక ఫేజు వోల్టేజీ, అంటే 6,350 వోల్టులు నిలబడతాయి. 5 ఎంవీఏ (7.15 శాతం), 8 ఎంవీఏ (8.35 శాతం) జంటైతే 5 ఎంవీఏ రేటింగ్‌కి ఎనిమిది రెట్ల కరెంటు తిరుగుతుంది. వైవైఎన్ 0తో కలిపితే 30 డిగ్రీల తేడా, అయినా నాలుగు రెట్ల పైనే. బస్ కప్లర్ వేసిన మరుక్షణం ట్రిప్ అయితే అదృష్టం అనుకోవాలి.

పాత ట్రాన్స్‌ఫార్మర్ రీవైండింగ్ అయి వచ్చింది. ప్లేటు మీద ఉన్న గ్రూప్‌ని నమ్మొచ్చా?

నమ్మకుండా ఒక్కసారి కొలవండి. ప్లేటు పాతది, లోపలి కనెక్షన్ కొత్తది. లీడ్లు రెండు తారుమారైతే బయటికి తెలియదు, రేషియో టెస్ట్ కూడా ఒక్కోసారి పట్టుకోదు.

ఐసొలేట్ చేసి ఎల్‌సీ తీసుకున్నాక హెచ్‌వీ 1యూని, ఎల్‌వీ 2యూని ఒక వైరుతో కలపండి. ఎల్‌వీ మిగతా టెర్మినళ్లు ఖాళీగా ఉండాలి. హెచ్‌వీకి 415 వోల్టుల మూడు ఫేజులు ఇవ్వండి. 33/11 రేషియోలో డీవైఎన్ 11 అయితే మీటర్ ఇలా చూపించాలి:

```
1V–2V = 303 V
1V–2W = 303 V
1W–2W = 303 V
1W–2V = 437 V
```

మూడు రీడింగ్‌లు సమానం, 1డబ్ల్యూ–2వీ ఒక్కటే పెద్దది. అదే పెద్ద రీడింగ్ 1వీ–2డబ్ల్యూ దగ్గర కనిపించి, 1డబ్ల్యూ–2వీ 303 చూపిస్తే లోపల ఉన్నది డీవైఎన్ 1. సప్లయ్ సరిగ్గా 415 లేకపోతే అంకెలన్నీ అదే నిష్పత్తిలో మారతాయి, ఏది పెద్దదన్నది మాత్రం మారదు. సప్లయ్ వరస తిరగబడి ఉన్నా ఈ టెర్మినళ్ల మధ్య రీడింగ్‌లు మారవు.

415 వోల్టులను ఎప్పుడూ హెచ్‌వీకే ఇవ్వాలి. పొరపాటున ఎల్‌వీకి ఇస్తే హెచ్‌వీ బుషింగ్‌ల మీద 1,245 వోల్టులు వస్తాయి, మీ మల్టీమీటర్ లీడ్లు దానికి చేసినవి కావు.

## ఇన్సులేషన్ లెవెల్

33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కి 170 అని ఎందుకు రాశారు?

170 అన్నది పిడుగు దెబ్బకు సంబంధించిన అంకె. ఎల్ఐ 170 అంటే, 1.2 మైక్రో సెకన్లలో శిఖరానికి ఎక్కి 50 మైక్రో సెకన్లలో సగానికి దిగే ఇంపల్స్‌ని 170 కేవీ శిఖరం దాకా ఇన్సులేషన్ తట్టుకోవాలి. ఏసీ 70 అంటే మామూలు ఫ్రీక్వెన్సీ వోల్టేజీ 70 కేవీని కొద్దిసేపు తట్టుకోవడం. 33 కేవీ సిస్టమ్‌లో అత్యధిక వోల్టేజీ 36 కేవీ, ఆ తరగతికి ఈ జత. ఎల్‌వీ వైపు 12 కేవీ తరగతికి ఎల్ఐ 75, ఏసీ 28. వీటిలో ఏదీ నడపదగ్గ వోల్టేజీ కాదు.

ప్లేటు మీద ఏసీ 70 ఉంది కదా, సైట్‌లో కూడా 70 కేవీ పెట్టి చూడొచ్చా?

పెట్టకూడదు. అది కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫ్యాక్టరీలో చేసే పరీక్ష. ఒకసారి సర్వీస్‌లోకి వెళ్లినదానికి మళ్లీ ఆ పరీక్ష చేయాల్సి వస్తే 80 శాతంతో, అంటే 56 కేవీతో చేస్తారు. అది కూడా టెస్టింగ్ వాళ్ల పని, ఆయిల్ పరీక్ష సరిగ్గా వచ్చాకే. ట్రైనీ చేతిలో ఉండేది మెగ్గర్.

ఎల్ఐ 170 ఉంది కదా, మరి లైట్నింగ్ అరెస్టర్ ఎందుకు?

పిడుగు లైను మీద పడితే వచ్చే సర్జ్ 170 దగ్గర ఆగదు, అంతకు చాలా రెట్లు పోగలదు. దాన్ని కోసేది అరెస్టర్. అరెస్టర్ తన మీద నిలబెట్టే వోల్టేజీ 100 కేవీ అనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి 170 ఉంది కాబట్టి మధ్యలో మంచి మార్జిన్ దొరుకుతుంది. ఆ మార్జిన్‌ని మనమే పాడు చేస్తాం. అరెస్టర్‌ని దూరంగా గ్యాంట్రీ మీద పెట్టడం, ఎర్త్ లీడ్‌ని చుట్టలు చుట్టి వదిలేయడం అలాంటివే. వేగంగా ఎక్కే సర్జ్‌కి ఆ అదనపు తీగ పొడవే వోల్టేజీని కలుపుతుంది. మే, జూన్ గాలివానలకు ముందు ములుగు, భూపాలపల్లి అడవి లైన్ల సబ్‌స్టేషన్లలో ఎర్త్ లీడ్ బిగుతు ఒకసారి చూడటం మంచిది.

## కూలింగ్ క్లాస్

ఓనాన్ అని నాలుగక్షరాలు ఉన్నాయి, అంటే?

మొదటి రెండూ లోపలి ద్రవం గురించి, తర్వాతి రెండూ బయటి గాలి గురించి. లోపల ఆయిల్ తనంతట తానే తిరుగుతుంది, బయట గాలి తనంతట తానే వీస్తుంది. చివరి అక్షరం ఎఫ్ అయితే, అంటే ఓనాఫ్ అయితే, రేడియేటర్లకు ఫ్యాన్లు ఉన్నాయి. మొదటి అక్షరం కే అయితే లోపల ఉన్నది ఎక్కువ ఫైర్ పాయింట్ ఉన్న ఈస్టర్ లాంటి ద్రవం, దానిలో మామూలు మినరల్ ఆయిల్ టాప్‌అప్ చేయకండి. ఓనాన్, ఓనాఫ్ రెండూ రాసి రెండు ఎంవీఏలు ఉంటే, ఫ్యాన్లు చెడిన రోజు చిన్న ఎంవీఏనే మీ హద్దు.

ఎండాకాలం టెంపరేచర్ ఎంతవరకు ఉంటే ఫర్వాలేదు?

ప్లేటు మీద ఉన్న 50, 55 డిగ్రీలు బయటి వేడి మీద పెరిగే డిగ్రీలు, మీటర్‌లో కనిపించాల్సిన అంకె కాదు. మే నెలలో రామగుండం వైపు బయట 45 ఉంటే, ఫుల్ లోడు మీద పై ఆయిల్ 95 దాకా రావడం డిజైన్‌లో ఉన్నదే. డిసెంబర్ రాత్రి బయట 18 ఉన్నప్పుడు సగం లోడుకే 80 చూపిస్తే మాత్రం అది సమస్య.

అప్పుడు ముందు చూడాల్సింది రేడియేటర్ వాల్వులు. ఎరెక్షన్‌లో గానీ లీకు రిపేరులో గానీ మూసి, తెరవడం మర్చిపోతారు. టెంపరేచర్ గన్‌తో వరసగా అన్ని రేడియేటర్లూ కొలవండి. ట్యాంకు పైభాగం వేడిగా ఉండి, ఒక రేడియేటర్ మాత్రం బయటి గాలంత చల్లగా ఉంటే దాని వాల్వు మూసి ఉంది. రైస్‌మిల్లు పక్కనుండే సబ్‌స్టేషన్లలో ఫిన్ల మధ్య పట్టిన ఊక దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అన్ని రేడియేటర్లూ ఒకేలా వేడెక్కుతాయి.

## బరువులు

నాలుగు బరువులున్నాయి, క్రేన్ వాడికి ఏది చెప్పాలి?

ఏ స్థితిలో ఎత్తుతున్నారన్నదాన్ని బట్టి. ఆయిల్ నిండి, రేడియేటర్లతో సహా ఎత్తితే మొత్తం 11,260 కిలోలు. ఆయిల్ పూర్తిగా తీస్తే 9,000. వర్క్‌షాప్‌లో కవర్ తీసి కోర్, వైండింగ్‌ని మాత్రమే పైకి లాగితే 5,400. కొన్ని ప్లేట్ల మీద ట్రాన్స్‌పోర్ట్ వెయిట్ విడిగా ఉంటుంది. అది రేడియేటర్లు, కన్జర్వేటర్ విప్పి పంపిన స్థితిది. విప్పకుండా లారీ ఎక్కిస్తూ ఆ అంకె చెబితే మోసపోతారు.

ముందు ప్లేటునే కూడి చూడండి. 5,400, 3,600, 2,260 కలిపితే 11,260 రావాలి. 2,260 కిలోలను 2,600 లీటర్లతో భాగిస్తే 0.87, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి అది సరైన అంకె. భాగిస్తే 1 దాటితే లీటర్లో కిలోలో తప్పుగా చదివారు.

12 టన్నుల క్రేన్ ఉంది, 11.26 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ ఎత్తుతుంది కదా అన్నా?

చాలా చోట్ల ఎత్తలేదు. క్రేన్ మీద రాసిన 12 టన్నులు బూమ్ దగ్గరికి లాక్కుని ఎత్తినప్పటిది. ప్లింత్ అవతల ఉండి, ఫెన్సింగ్ బయట నుంచి బూమ్ చాపి ఎత్తాలంటే అదే క్రేన్ సామర్థ్యం సగానికీ అంతకన్నా కిందికీ పడిపోతుంది. ఆపరేటర్ దగ్గర లోడ్ చార్ట్ ఉంటుంది. క్రేన్ మధ్య నుంచి ప్లింత్ మధ్య దాకా టేపుతో కొలిచి, ఆ దూరం ఎదురుగా ఉన్న టన్నులు అడగండి. హుక్కు, స్లింగ్‌ల బరువు కూడా అందులోంచి పోతుంది.

వానాకాలం నల్లరేగడిలో అవుట్‌రిగ్గర్ కింద చెక్క దిమ్మెలు, స్టీలు ప్లేట్లు లేకుండా ఎత్తడం మొదలుపెట్టనివ్వకండి. స్లింగ్‌లు ట్యాంకు లిఫ్టింగ్ లగ్గులకే వేయాలి. రేడియేటర్‌కి గానీ కవర్ ఐ బోల్టుకి గానీ వేయకూడదు, ఐ బోల్టు కవర్‌ని ఎత్తడానికి మాత్రమే.

ఆయిల్ ఎన్ని డ్రమ్ములు తెప్పించాలి?

మొత్తం మార్చాలంటే 2,600 లీటర్లను 209 లీటర్ల బ్యారెల్‌తో భాగిస్తే 12.4 వస్తుంది, అంటే 13 బ్యారెల్స్. ఫిల్టర్ మెషిన్ గొట్టాల్లో, ట్యాంకు అడుగున కొంత మిగులుతుంది కాబట్టి ఇంకొకటి చేతిలో ఉంచుకోవడం మంచిది. ప్లేటు మీద ఆయిల్ కిలోల్లోనే ఉంటే 0.87తో భాగించి లీటర్లు తెచ్చుకోండి. ఇండెంట్‌లో 2,260 అని రాసి పక్కన లీటర్లు అని పెడితే కన్జర్వేటర్ నిండక ముందే బ్యారెల్స్ అయిపోతాయి.